పది నిమిషాలు లేట్: ఒక స్లాబ్ ఉదయం, ఒక మెసేజ్

అపార్ట్‌మెంట్ల నిర్మాణంలో యజమాని తరఫున పనులు చూసే ఇంజినీర్ని నేను. స్లాబ్ వేసే రోజు పొద్దున కాంక్రీటుకు ముందు ఒక చిన్న మీటింగ్ ఉంటుంది. కడ్డీలు, సెంట్రింగ్, కరెంటు పైపులు అన్నీ చూసి పోర్ కార్డ్ మీద సంతకాలు పెడతాం. ఆ కార్డు మీద సంతకం పడితేనే కాంక్రీటు పోయాలి. అలాంటి ఒక మీటింగ్‌కి నేను లేటయ్యాను. లేటవుతానని మెసేజ్ కూడా పెట్టాను. అయినా ఆ పొద్దున ఎలా నడిచిందో, దానిలో నా మెసేజ్ వాటా ఎంతో నిమిషాలతో సహా రాస్తున్నాను.

సైట్ బాచుపల్లిలో. రెండో అంతస్తు స్లాబ్. మీటింగ్ 9 గంటలకు. రావాల్సిన వాళ్లు ఆరుగురు: నేను, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గర నుంచి ఒక మేడమ్, కాంట్రాక్టర్ సైట్ ఇంజినీరు, రాడ్ బెండింగ్ మేస్త్రి, ఎలక్ట్రీషియన్, యజమాని తరఫు మనిషి. ప్లాంటులో కలిపిన కాంక్రీటు తెచ్చే మొదటి రెడీమిక్స్ బండి 10 గంటలకు గేటు దగ్గర ఉండాలని ప్లాంటుకు చెప్పి ఉంచాం. ప్లాంటు నుంచి సైట్‌కి అరగంట పైన పడుతుంది కాబట్టి, వాళ్లు లోడింగ్ 9:15కి మొదలుపెట్టాలి. మా లెక్క ఏమిటంటే 9 గంటలకు చెకింగ్ మొదలైతే పెద్ద తప్పులు ఏమైనా ఉంటే మొదటి పావుగంటలోనే బయటపడతాయి. అప్పుడు ప్లాంటుకు ‘పంపండి’ అనో ‘ఆగండి’ అనో చెప్పొచ్చు.

నేను కూకట్‌పల్లి నుంచి కారులో బయల్దేరాను. 8:41కి జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఉన్నాను. ఫోన్లో మ్యాప్ 9:04కి చేరతానంటోంది. నాలుగు నిమిషాలే కదా, నిజాంపేట రోడ్డు ఖాళీగా ఉంటే కలిసొస్తుందిలే అనుకున్నాను. స్కూలు బస్సులు తిరిగే వేళకు ఆ రోడ్డు ఖాళీగా ఉండదని నాకు తెలియనిదేం కాదు. 8:56కి కారు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మ్యాప్ ఇప్పుడు 9:10 చూపిస్తోంది. అప్పుడు సైట్ గ్రూపులో ఇలా పెట్టాను:

“సారీ అండీ, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా. పది నిమిషాలు లేట్ అవుతుంది.”

వెంటనే రెండు బొటనవేళ్లు, ఒక ‘ఓకే సర్’ వచ్చాయి. నా పని అయిపోయిందనుకున్నాను. గేటు దగ్గరికి చేరింది 9:13కి. బండి పార్క్ చేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, బూట్లు మార్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, రెండో అంతస్తు పైకి ఎక్కేసరికి 9:19 అయింది. పైన మేడమ్, మేస్త్రి, మిగతా వాళ్లు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. చెకింగ్ మొదలే కాలేదు.

చూడటం మొదలుపెట్టిన పది నిమిషాల్లోనే రెండు తప్పులు కనబడ్డాయి. రెండు బీముల పక్కల కడ్డీకీ పలకకీ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకులు లేవు, కడ్డీ సెంట్రింగ్ పలకకు ఆనుకుని ఉంది. ఒక కాలమ్ పక్కన ఐదారు కరెంటు పైపులను ఒకే కట్టగా కట్టేశారు, వాటి మధ్యలోకి కాంక్రీటు దిగే సందు లేదు. రెండూ సరిచేయగలిగినవే, కానీ గంట దాకా పని. ప్లాంటుకు ఆగమని చెప్పమన్నాను. సైట్ ఇంజినీరు మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“సార్, వాళ్లు 9:14కి ఫోన్ చేశారు. మీరు ఇంకో నిమిషంలో వచ్చేస్తారు కదా అని పంపమన్నాను.”

బండి 9:58కి వచ్చి గేటు దగ్గర తిరుగుతూ నిలబడింది. రెడీమిక్స్‌కి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం, మామూలుగా లోడింగ్ నుంచి రెండు గంటల్లోపు కాంక్రీటు దించేయాలి. అంటే మాకు 11:15 వరకు టైముంది. తప్పులు సరిచేసి, సంతకాలయ్యి, పంపు మొదలయ్యేసరికి 10:40. ఈలోపు డ్రైవర్ వచ్చి, “గట్టిపడుతోంది సార్, రెండు బకెట్లు నీళ్లు పోస్తే జారుతుంది” అన్నాడు. నీళ్లు కలిపితే బలం తగ్గుతుంది కాబట్టి కుదరదన్నాం. ప్లాంటు టెక్నీషియన్ వచ్చి, నీళ్లు లేకుండానే జారుడు పెంచే అడ్మిక్స్చర్ కలిపి, ఆ జారుడును కొలిచే స్లంప్ పరీక్ష మళ్లీ చేశాకే దించనిచ్చాం. మొదటి బండి 10:55కి ఖాళీ అయింది, చేతిలో ఇరవై నిమిషాలు మిగిలి. రెండో బండిని లోడ్ చేయకుండా ఆపగలిగాం కాబట్టి బతికిపోయాం.

ట్రాఫిక్ నా చేతిలో లేదు. అది పక్కన పెట్టి మెసేజ్ సంగతి చూద్దాం.

ఆ సాయంత్రం ఆ మెసేజ్ చూసి ఎవరికి ఏం అర్థమైందో ఒక్కొక్కరినే అడిగాను. మేడమ్ మీటింగ్ టైముకు పది కలుపుకుని 9:10 అనుకున్నారు. సైట్ ఇంజినీరు మెసేజ్ వచ్చిన 8:56కి పది కలుపుకుని 9:06 అనుకున్నాడు. అందుకే 9:14కి ప్లాంటు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మెట్లెక్కుతున్నానని అతని నమ్మకం. యజమాని తరఫు మనిషి మెసేజ్ చూసిందే 9:05కి. పైన చిన్న అక్షరాల్లో ఉన్న టైమును ఎవరు చూస్తారు? తను చూసిన క్షణం నుంచి పది లెక్కేసుకుని 9:15 అనుకున్నాడు. ఎలక్ట్రీషియన్ మెసేజ్ చూడనే లేదు. మేస్త్రి చదవడు, ఆయనకు అందిన మాట ‘సార్ వస్తున్నారంట’ అని మాత్రమే. ఒక్క మెసేజ్‌కి మూడు టైములు వచ్చాయి, ఆ మూడూ తప్పే.

మన వాడుకలో ‘పది నిమిషాలు’ అనేది అసలు కొలతే కాదు. స్నానానికి వెళ్తూ ‘బయల్దేరా’ అంటాం, ఇంటి గేటు దాటుతూ ‘వచ్చేశా’ అంటాం. అవతలివాళ్లకూ అది తెలుసు కాబట్టి ఎవరి అనుభవం కొద్దీ వాళ్లు దానికి కలుపుకుంటారు, తీసేస్తారు. ఊరి పెళ్లిళ్లకు ఇది సరిపోతుంది. కాంక్రీటు బండికి సరిపోదు. గడియారం టైము రాసి ఉంటే, ‘9:20కి పైన ఉంటాను’ అని, ఎవరు ఎప్పుడు చదివినా ఒకటే అర్థం వచ్చేది.

ఇది తేలిగ్గా దొరికిన తప్పు. అసలు తప్పు నాకు మేడమ్ మాటల్లో దొరికింది. ఆవిడ 8:55కే స్లాబ్ మీద ఉన్నారు. కడ్డీలు చూడటానికి నేను అక్కర్లేదు, నిజానికి ఆ పని నాకంటే ఆవిడకే బాగా తెలుసు. మరి మీరెందుకు మొదలుపెట్టలేదండీ అని అడిగాను.

“మీరు అరగంట లేటని ఉంటే మొదలుపెట్టేసేదాన్ని. పది నిమిషాలే అన్నారు కదా. ఇప్పుడు మొదలుపెడితే మీరొచ్చాక మళ్లీ మొదటి నుంచి చూపించాలి, అదేదో కలిసే చూద్దాంలే అనుకున్నాను.”

నాకు ఇది కొత్తగా తట్టింది. గంట లేటంటే మీటింగ్ వాయిదా వేస్తారు, అరగంట లేటంటే మీరు లేకుండా మొదలుపెడతారు. రెండింటిలోనూ అవతలివాళ్లు ఏదో ఒక నిర్ణయం తీసుకుంటారు. పది నిమిషాలంటే ఏ నిర్ణయమూ తీసుకోరు, అందరూ కూర్చుని ఎదురుచూస్తారు. తక్కువ లేటు కాబట్టి తక్కువ నష్టం అనుకుంటాం గానీ, ఐదుగురిని ఖాళీగా నిలబెట్టేది సరిగ్గా ఈ పది నిమిషాలే. అందుకే లేటవుతున్నానన్న కబురు కంటే, ‘ఈలోపు ఏం చేయాలి’ అన్న ముక్కకే విలువ ఎక్కువ. నా మెసేజ్‌లో లేనిది అదే. అది ఉండి ఉంటే చెకింగ్ 9 గంటలకే మొదలై, కవర్ బ్లాకుల సంగతి 9:10కల్లా బయటపడి ఉండేది. ప్లాంటు ఫోన్ వచ్చేసరికి ‘ఆగండి’ అన్న జవాబు సిద్ధంగా ఉండేది.

ఇంకో విచిత్రం ఆ పొద్దునే నా కళ్లముందే జరిగింది. మేడమ్‌కి 10 గంటలకు వేరే సైట్‌లో మీటింగ్ ఉంది. నా వల్ల ఆవిడకు అక్కడ లేటవుతోంది. 9:32కి, మేస్త్రి బీమ్ దగ్గర కవర్ బ్లాకులు పెట్టిస్తుండగా, ఆవిడ ఫోన్ తీసి రెండు నిమిషాలు ఏదో టైపు చేశారు. తర్వాత అడిగితే చూపించారు:

“10:00 మీటింగ్‌కి నేను 10:20కి వస్తాను. కాలమ్ కడ్డీల చెకింగ్ మీరు మొదలుపెట్టండి, డ్రాయింగ్ ఆఫీసు టేబుల్ మీద ఉంది. ఫుటింగ్ లెవెల్స్ మాత్రం నేను వచ్చాకే చూద్దాం. సారీ.”

నాలుగే వాక్యాలు. మీటింగ్‌కి 28 నిమిషాల ముందు పెట్టారు. వచ్చే టైము గడియారం లెక్కలో ఉంది. ఏది మొదలుపెట్టాలో, దానికి కావాల్సిన కాగితం ఎక్కడుందో, ఏది తన కోసం ఆపాలో ఉంది. ఎందుకు లేటో లేదు. క్షమాపణ ఒక్క మాట, అదీ చివర్లో. నా మెసేజ్ తీరే వేరు: మొదట క్షమాపణ, తర్వాత కారణం, పనికొచ్చే ముక్క ఆఖర్న, అదీ తప్పుగా. ఫోన్ తాళం తీయకుండా చూసేవాళ్లకు మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. ఆవిడ మెసేజ్‌లో ఆ మొదటి మాటల్లో టైము ఉంది. నా దాంట్లో ‘సారీ అండీ, ట్రాఫిక్‌లో’ ఉంది.

కారణం గురించి ఒక మాట. ట్రాఫిక్ అనో, పాపకి జ్వరమనో రాస్తే చదివేవాళ్ల పని ఏమీ మారదు. కారణం వల్ల టైము ఇంకా జరిగే అవకాశం ఉంటే మాత్రం రాయాలి. ‘రోడ్డు పూర్తిగా ఆగిపోయింది, 9:20 అనుకుంటున్నాను, జరగొచ్చు’ అంటే అవతలివాళ్లకు ఆ 9:20ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

ఇక పది అన్న అంకె నాకెక్కడి నుంచి వచ్చింది? మ్యాప్ 9:10 అంది, నేను పది అన్నాను. మ్యాప్ చెప్పేది గేటు దాకానే. గేటు నుంచి స్లాబ్ మీదకు పట్టే టైము దానికి తెలియదు. ఆ రోజు నాకు అది ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత రెండు వారాలు ఊరికే టైము చూసుకున్నాను, ఐదు నుంచి ఏడు మధ్యలో ఉంటోంది. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇది సెక్యూరిటీ, లిఫ్టు, ల్యాప్‌టాప్ తెరుచుకోవడం అవుతుంది. ఎవరిది వాళ్లు ఒకసారి కొలుచుకుంటే చాలు, పెద్దగా మారదు. 8:56కి నేను చేయాల్సిన లెక్క: మ్యాప్ 9:10, పైన ఆరు, 9:16. దాన్ని పైకి సర్ది 9:20 అని రాయాలి. వచ్చింది 9:19కి.

చెప్పడానికి అంత తేలిక, రాయడానికి మాత్రం చెయ్యి రాదు. ఇరవై అనడానికి సిగ్గేసి పది అంటాం. పది అనేది మర్యాద తప్పకుండా ఒప్పుకోగలిగే అంకె. ఆ సిగ్గే తర్వాత ఇంకో మెసేజ్ పెట్టిస్తుంది: ‘ఇంకో ఐదు నిమిషాలు’. మొదటిసారి ఇరవై అన్నవాడిని ఎవరూ ఏమీ అనరు. పది అని, ఐదు అని, మళ్లీ ఐదు అన్నవాడి మాట ఆ తర్వాతి వారం కూడా ఎవరూ నమ్మరు.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా అదే లెక్కలో తేలిపోతుంది. 8:41కే మ్యాప్ 9:04 అంది. ఆరు కలిపితే 9:10. అంటే ఆ క్షణానికే నేను లేటు, సందేహం లేదు. అప్పుడే ‘9:15కి వస్తాను, మొదలుపెట్టండి’ అని ఉంటే నా అంచనా నాలుగు నిమిషాలు తప్పేది. దానికి నష్టమేమీ లేదు, చెకింగ్ ఎలాగూ నడుస్తూ ఉండేది. ఆశ పెట్టుకుని పదిహేను నిమిషాలు ఆగి, మీటింగ్‌కి నాలుగు నిమిషాల ముందు చెప్పాను. అప్పటికే అందరూ పైకి ఎక్కేశారు. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ మెషిన్ ట్రయల్ చూస్తున్న మోతలో సగం మందికి ఫోన్ మోగింది వినపడలేదు.

అసలు 8:56 మెసేజ్ నేను స్టీరింగ్ ముందు కూర్చునే టైపు చేశాను, బండి ఆగి ఉంది కదా అని. అది కూడా తప్పే. ఇప్పుడైతే పక్కకు తీసి ఆపుతాను, లేదా హ్యాండ్స్‌ఫ్రీలో సైట్ ఇంజినీరుకు ఫోన్ చేసి గ్రూపులో పెట్టమంటాను. మీటింగ్ పదిహేను నిమిషాల్లో ఉందంటే గ్రూపు మెసేజ్ ఒక్కటే చాలదు. అక్కడ పని మొదలుపెట్టగలిగిన ఒక్క మనిషికి ఫోన్ చేయాలి, అతని నోటి నుంచి ‘సరే, మొదలుపెడుతున్నాం’ అన్న మాట వినాలి. బొటనవేలు గుర్తుకి అర్థం చూశాను అని, అంతకు మించి ఏమీ లేదు. మా మేస్త్రిలాంటి వాళ్ల కోసం వాయిస్ మెసేజ్ పెడితే మంచిదే, కానీ దాన్ని విన్నవాళ్లకు తప్ప టైము కనపడదు. అందుకే రాసిన మెసేజ్ కూడా ఉండాలి.

వాట్సాప్ గురించి రెండు సంగతులు. గ్రూపులో మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి ఇన్ఫో చూస్తే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో పేర్లతో కనిపిస్తుంది. ఆ పొద్దున నేను అది చూసి ఉంటే ఎలక్ట్రీషియన్, ఇంకొకరు చదవలేదని తెలిసేది. రెండోది, పెట్టిన మెసేజ్‌ని పదిహేను నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు గానీ, మార్చినప్పుడు అవతలివాళ్లకు కొత్తగా నోటిఫికేషన్ వెళ్లదు. 9:10ని చప్పుడు లేకుండా 9:20 చేస్తే, చూసినవాళ్ల బుర్రలో 9:10 అలాగే ఉండిపోతుంది. టైము మారితే కొత్త మెసేజ్ పెట్టాలి, అదీ ఒక్కసారే.

ఆ ఉదయం నేను పెట్టాల్సిన మెసేజ్‌ని తర్వాత ఇలా రాసుకున్నాను:

“9:20కి స్లాబ్ మీద ఉంటాను. మేడమ్, కడ్డీల చెకింగ్ మీరు 9కే మొదలుపెట్టండి. 9:15కి ప్లాంటుకు ఏం చెప్పాలో మేడమ్ చెప్తారు. పోర్ కార్డ్ సంతకం నేను వచ్చాక. సారీ.”

ఇందులో నాకు ముఖ్యమైనది మూడో వాక్యం. ప్లాంటు ఫోన్‌కి జవాబు చెప్పే అధికారం మామూలుగా నాది. నేను లేని ఇరవై నిమిషాల్లోనే ఆ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది, దాన్ని ఎవరికీ అప్పగించలేదు. సైట్ ఇంజినీరు కుర్రాడు. నేను లేనప్పుడు ‘ఆగండి’ అని చెప్పే ధైర్యం అతనికి ఎలా వస్తుంది? అతన్ని తప్పుపట్టడానికి నాకు మొహం లేకపోయింది.

తర్వాతి నెలలో మూడో అంతస్తు స్లాబ్. మళ్లీ లేటయ్యాను, ఈసారి ఇంట్లో పని వల్ల. 8:25కే మెసేజ్ పెట్టాను, 9:15 అని, మొదలుపెట్టండి అని, ప్లాంటు సంగతి మేడమ్ చూస్తారని. సైట్ ఇంజినీరుకు ఫోన్ కూడా చేశాను. 9:12కి పైకెళ్లాను. మళ్లీ అందరూ టీ తాగుతున్నారు.

“ఏమయ్యా, మొదలుపెట్టమన్నాను కదా!”

“బాల్కనీ బీమ్ మార్చారు కదా సార్, ఆ కొత్త డ్రాయింగ్ మీ దగ్గరే ఉంది” అన్నాడు సైట్ ఇంజినీరు. నిజమే. క్రితం రాత్రి వచ్చిన సవరణ ప్రింటు నా బ్యాగులో ఉంది, పీడీఎఫ్ నా మెయిల్లో ఉంది. మేస్త్రి పాత డ్రాయింగ్ పట్టుకుని, “మీరొచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దనుకున్నాం సార్” అన్నాడు. మేడమ్ ఏమీ అనలేదు గానీ, ఆవిడ మెసేజ్‌లో ‘డ్రాయింగ్ ఆఫీసు టేబుల్ మీద ఉంది’ అన్న ముక్క ఊరికే రాసింది కాదని అప్పుడు అర్థమైంది. బ్యాగు తెరిచి ప్రింటు ఆవిడ చేతికిచ్చి, ప్లాంటుకు ఫోన్ చేసి మొదటి బండి అరగంట వెనక్కి జరపమన్నాను.